పోస్టర్ వద్దు, పార చాలు

ప్రశ్న: చిన్న రైతులకు డ్రిప్ వల్ల లాభం ఏమిటో తేలికైన బొమ్మలతో, సులువైన లెక్కలతో ఎలా చెప్పొచ్చు?

బొమ్మలు గీయడం మానేసి గుంత తవ్వి చూపించండి. శాతాలతో నింపిన కరపత్రాలు మా ఊళ్లో బజ్జీలు చుట్టడానికే పనికొచ్చాయి.

అనంతపురం జిల్లాలో మా చిన్నాన్నకు చీనీ తోట ఉంది. డ్రిప్ వేయించాక కూడా మడవ కట్టి నీళ్లు పారించేవాడు. "పైన పళ్లెమంత తడి కూడా లేదు, ఇంత చెట్టుకు ఏం సరిపోతుందిరా?" అనేవాడు. ఒకరోజు ఐదు గంటలు డ్రిప్ వదిలి, మర్నాడు పొద్దున డ్రిప్పర్ పక్కనే పారతో నిలువుగా కోశాం. పైన జానెడు తడి, అడుగు లోతులో రెండడుగుల వెడల్పున తడి, దాని నిండా తెల్లటి పీచు వేర్లు. చిన్నాన్న వంగి మట్టి పిసికి చూశాడు, ఏమీ మాట్లాడలేదు. మాది ఎర్ర నేల కాబట్టి తడి లోతుకు దిగింది. నల్లరేగడిలో అయితే ఇంకా పక్కలకు పాకుతుంది, అందుకే ఎవరి పొలంలో గుంత వాళ్లకే తవ్వాలి.

లెక్క కూడా వాళ్ల బోరు దగ్గరే చేయాలి. ఆయన బోరు 20 లీటర్ల బకెట్‌ను 10 సెకన్లలో నింపింది, అంటే గంటకు 7,200 లీటర్లు. ఎకరమంతా రెండంగుళాల నీళ్లు నిలవాలంటే దాదాపు 2 లక్షల లీటర్లు కావాలి. పగటి కరెంటు తొమ్మిది గంటలే కాబట్టి ఒక్క ఎకరా తడికి మూడు రోజులు మోటారు ఆడాలి. అదే డ్రిప్‌లో 20 అడుగుల ఎడంతో ఎకరాకు 108 చెట్లు. చెట్టుకు గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పర్లు నాలుగు, ఐదు గంటలకు 80 లీటర్లు. ఎకరాకు రోజుకు 8,640 లీటర్లు. అదే బోరు నాలుగెకరాలకు ఒకేసారి ఇవ్వగలదు. చిన్నాన్నకు ఎక్కింది ఈ "నాలుగెకరాలు" అన్న మాటే.

నాకు నచ్చనిది కూడా అదే. మిగిలిన నీళ్లతో అందరూ ఇంకో రెండెకరాలు టమాట వేస్తారు. మోటారు ఆడే గంటలు తగ్గవు, బోరుకు ఊపిరాడదు. ఉచిత కరెంటు ఉన్నంతకాలం నీటిని ఎవరు లెక్కపెడతారు?

ఇంకో పరీక్ష కూడా నేర్పండి. లైను చివరి డ్రిప్పర్ కింద లీటరు సీసా పెడితే పావుగంటలో నిండాలి. అరగంట పట్టిందంటే ఫిల్టర్ కడగాలి, లైను చివర మూత తీసి బురద నీళ్లు పోయేదాకా వదలాలి. అప్పటికీ మారకపోతే ఉప్పు నీళ్లకు డ్రిప్పర్లో తెల్లగా గార పట్టినట్టే, దానికి యాసిడ్ ఎక్కించాలి. డ్రిప్ పనిచేయడం లేదని పైపులు చుట్టి అటకెక్కించిన వాళ్లలో చాలామంది ఈ మూత ఒక్కసారీ తీసి ఉండరని నా నమ్మకం.