గెస్ట్‌హౌస్ గదుల్లో పెట్టే నోటీసు: పొగ, రాత్రి శబ్దం, జరిమానా

ప్రశ్న: మా గెస్ట్‌హౌస్‌లో పొగ తాగొద్దని, రాత్రిళ్లు గోల చేయొద్దని నోటీసు పెట్టాలి. జరిమానా సంగతి కూడా రాయాలి, కానీ అతిథి నొచ్చుకోకూడదు. ఎలా రాయాలి?

జవాబు: నేనూ చిన్న గెస్ట్‌హౌస్ నడుపుతున్నాను. మా గదుల్లో ఉన్న నోటీసు ఇది:

"గదిలో, బాత్రూమ్‌లో, బాల్కనీలో దయచేసి పొగ తాగకండి. ఈ-సిగరెట్లకూ ఇదే వర్తిస్తుంది. పొగ తాగేవారికి కింద పెరట్లో చోటుంది, యాష్‌ట్రే కూడా అక్కడే ఉంది.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పక్క గదులవాళ్లు నిద్రపోతుంటారు. టీవీ, ఫోన్ శబ్దం మీ గది దాటకుండా చూడండి. పక్కగది నుంచి మీకు ఇబ్బందైతే ఎంత రాత్రయినా రిసెప్షన్‌కి ఫోన్ చేయండి, మేం మాట్లాడతాం.

గదిలో పొగ తాగితే పరదాలు, పక్కబట్టలు ఉతికించే ఖర్చు కింద ____ బిల్లులో కలుస్తుంది. చెక్‌ఇన్ ఫారంలోనూ ఈ మొత్తం రాసి ఉంది."

బాత్రూమ్, బాల్కనీ పేర్లు విడిగా రాయడానికి కారణం ఉంది. ఒకాయన బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని తాగి, "గదిలో వద్దన్నారు, నేను గదిలో తాగలేదు కదా" అన్నారు. వాదన బాగానే ఉంది, వాసన మాత్రం తలుపు కింద నుంచి పరుపు దాకా వచ్చింది! ఎక్కడ తాగొచ్చో చెప్పడం కూడా అంతే ముఖ్యం. చోటు చూపించకపోతే అర్ధరాత్రి ఎవరూ మెట్లు దిగి వెతుక్కోరు, కిటికీ తెరిచి అక్కడే కానిచ్చేస్తారు.

'జరిమానా' అనే మాట నేను వాడను. డబ్బు దేనికో రాస్తే అతిథి బేరమాడడం తగ్గుతుంది. పొగ వాసన పరదాల్లో, దిండ్లలో పట్టేస్తుంది, మర్నాడు ఆ గది వేరేవాళ్లకు ఇవ్వలేం. అందుకే అసలు ఖర్చుకు దగ్గరగా ఉండే మొత్తమే పెట్టండి. దాన్ని బుకింగ్ సమయంలోనే చెప్పి, చెక్‌ఇన్ ఫారంలో ఆ వాక్యం పక్కన సంతకం తీసుకోండి. గదిలోకి వెళ్లాక గోడమీద మొదటిసారి చూస్తే గొడవే. వాసన ఒక్కటే ఆధారమైతే మేం డబ్బు అడగం. బూడిద, పీకలు, కాలిన మచ్చ, ప్లాస్టిక్ కవర్ తొడిగిన స్మోక్ డిటెక్టర్, ఇలాంటివి కనిపిస్తే అతిథి ఉండగానే ఫొటో తీసి, అప్పుడు మాట్లాడతాం.

శబ్దానికి మాత్రం డబ్బు పెట్టొద్దని నా సలహా. ఎంత గోలైతే ఎక్కువో తేల్చలేం. "నిశ్శబ్దం పాటించండి" అంటే ఎవరూ తమ గురించి అనుకోరు, అందుకే గంటలు, టీవీ, ఫోన్ అని రాశాను. చివర్లో ఫోన్ చేయమన్న వాక్యం తీసేయకండి. అది లేకపోతే నిద్ర చెడినవాళ్లు నేరుగా వెళ్లి పక్కగది తలుపు బాదుతారు.

నోటీసు తలుపు లోపలివైపు, గొళ్లెం దగ్గర కంటి ఎత్తులో అంటించండి. ఎర్ర అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు వద్దు. డబ్బు వాక్యం మిగతా అక్షరాల సైజులోనే, అన్నిటికన్నా కింద ఉంటే చాలు.