లైకులు దండిగా వచ్చి, మాటలు రానప్పుడు: ఒక యువ రచయితకు లేఖ

యువ మిత్రులకు నమస్కారం.

మీ ఉత్తరం అందింది. 400 పైచిలుకు లైకులు వచ్చిన మీ పోస్టుకు 6 వ్యాఖ్యలు, 2 షేర్లు మాత్రమే ఎందుకు వచ్చాయో, అందులోని వాక్యాలను మాత్రమే చూసి చెప్పమని అడిగారు. చర్చంతా ఆ మాటల మీదే కాబట్టి వాటిని ముందుగా ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

“పదేళ్లుగా ఎవరు ఏమడిగినా సరేనన్నాను. నిన్న మొదటిసారి ఒకరికి కుదరదని చెప్పాను. వాళ్లు నొచ్చుకోలేదు, నేనూ కుంగిపోలేదు. ఇన్నాళ్లూ నన్ను భయపెట్టింది వాళ్లు కాదు, నా ఊహే. కాదనడం కూడా ఒక మర్యాదే.”

మీ ఉత్తరంలో “నచ్చింది గానీ అంతగా నచ్చలేదేమో” అన్న మాట ఉంది. ముందుగా ఆ అనుమానాన్ని పక్కన పెట్టండి. లైకు, వ్యాఖ్య, షేరు అన్నవి ఒకే ఇష్టానికి మూడు మెట్లు కావు. లైకు కొట్టే పాఠకుడు తల ఊపి ముందుకు వెళ్తాడు. తనదంటూ ఒక్క మాట కూడా పెట్టనక్కరలేదు. వ్యాఖ్య రాసే పాఠకుడు మీ మాట పక్కన తన మాట చేర్చాలి, కాబట్టి అతను చెప్పగలిగినది ఏదో మీ రచనలో మిగిలి ఉండాలి. షేరు చేసే పాఠకుడు మీ మాటను తన పేరు కింద తనవాళ్ల ముందు పెడుతున్నాడు, కాబట్టి ఆ మాట అతని నోట నప్పాలి. ఎంతో ఇష్టపడి కూడా చెప్పడానికి ఏమీ తోచకపోవచ్చు. ఎంతో ఏకీభవించి కూడా తనవాళ్ల ముందు ఆ మాట అనలేకపోవచ్చు. అందువల్ల వ్యాఖ్యలు తగ్గడానికి ఒక కారణాన్ని, షేర్లు తగ్గడానికి మరొక కారణాన్ని విడివిడిగా వెతకాలి.

వ్యాఖ్యల సంగతికి మీ చివరి వాక్యంతో మొదలుపెడతాను. “కాదనడం కూడా ఒక మర్యాదే” అన్నది తీర్పు. అందులోని “కూడా” ఎదురువాదానికి ముందే చోటిచ్చి దాన్ని చల్లారుస్తుంది: అవుననడం మర్యాద కాదని మీరు అనలేదు, కాబట్టి మీతో తగువు పెట్టుకోవడానికి ఎవరికీ ఏమీ దొరకదు. “మర్యాదే” అన్న నొక్కు తలుపు మూసేస్తుంది. ఇక మిగిలేది ఒప్పుకోవడమే, ఒప్పుకోవడానికి లైకు సరిపోతుంది. మీకు వచ్చిన ఆరు వ్యాఖ్యలను మీరే ఎత్తి రాశారు. వాటిలో ఐదు “బాగా చెప్పారు”, “నిజం” వంటివే. అవి అక్షరాల్లో కొట్టిన లైకులు. కొత్త సంగతి చేర్చిన వ్యాఖ్య ఒక్కటే ఉంది, దాన్ని మాత్రమే వ్యాఖ్యగా లెక్కించండి.

అయితే ముగింపు ఒక్కటే నేరస్థురాలు కాదు. మూడో వాక్యం దానికంటే ముందే పని పూర్తి చేసింది. “వాళ్లు నొచ్చుకోలేదు, నేనూ కుంగిపోలేదు” అనగానే సమస్య తీరిపోయింది. ఓదార్చడానికి బాధ లేదు, సలహా ఇవ్వడానికి సందిగ్ధం లేదు, తర్వాత ఏమైందని అడగడానికి తర్వాత అంటూ ఏమీ లేదు.

ఇంకొక సంగతి ఉంది, నా దృష్టిలో అదే అన్నిటికంటే ముఖ్యం. సంభాషణల నిర్మాణాన్ని పరిశీలించిన హార్వీ సాక్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1960లలో ఇచ్చిన ఉపన్యాసాల్లో, ఒకరు తమ అనుభవం చెప్పినప్పుడు విన్నవారు తమ అనుభవాల్లో దానికి పోలిక ఉన్న దాన్ని వెతికి రెండో కథగా చెబుతారని గమనించారు. మొదటి కథను విన్నాననీ, అర్థం చేసుకున్నాననీ చూపించడానికి అదొక మార్గం. పోస్టుల కింద వచ్చే మంచి వ్యాఖ్యల్లో చాలావరకు ఇలాంటి రెండో కథలే. కానీ రెండో కథ పుట్టాలంటే మొదటి కథలో పట్టుకోవడానికి కొసలు కావాలి. మీ పోస్టులో అడిగింది ఎవరో తెలియదు, అడిగింది ఏమిటో తెలియదు, కుదరదని ఏ మాటలతో చెప్పారో తెలియదు. “ఒకరికి” అన్న ఒక్క మాట చాటున మనిషి మొత్తం దాగిపోయాడు. ఆ దాపరికం పాఠకుడిలో కుతూహలం పుట్టించాలి కదా అని మీరు అనవచ్చు. అపరిచితుల మధ్య అలా జరగవచ్చు గానీ, మీ పాఠకుల్లో ఎక్కువమంది మిమ్మల్ని ఎరిగినవాళ్లు. పేరు చెప్పలేదంటే అడగవద్దన్న సూచనగానే తీసుకుని, సభ్యత కొద్దీ మౌనంగా లైకు కొట్టి వెళ్లి ఉంటారు.

ఇక షేర్లు. మీ ఐదు వాక్యాల్లో నాలుగు మీ సొంత కథ. “అన్నాను”, “చెప్పాను” అన్న క్రియలు ఎవరివో వాటి చివరి అక్షరాలే చెబుతాయి. దాన్ని షేరు చేసే మనిషి మరొకరి ఆత్మకథలోని పుటను తన గోడకు అంటించినట్లవుతుంది. దానికి తానెందుకు పూచీ పడాలో అతనికి తోచదు. ఐదో వాక్యం ఒక్కటే ఎవరి నోటనైనా ఇమిడేది. అయితే దానితో మరొక చిక్కు ఉంది. “కాదనడం కూడా ఒక మర్యాదే” అన్న మాటను ఒక ఉద్యోగి షేరు చేస్తే పై అధికారి తనను ఉద్దేశించిందేనని అనుకోవచ్చు. ఒక కోడలు షేరు చేస్తే ఇంట్లోవాళ్లు తమనే అన్నదనుకోవచ్చు. మీరు అన్నప్పుడు అది అనుభవం, వాళ్లు అన్నప్పుడు అది దెప్పిపొడుపు. మాట మారలేదు, మాట్లాడే మనిషి మారడం వల్ల తగిలే చోటు మారింది. ఏకీభవిస్తూనే షేరు చేయకపోవడానికి ఇది బలమైన కారణమని నేను అనుకుంటాను. వేలు ఎవరినో చూపుతున్నట్లు కనిపించే ఏ సూక్తినైనా ఈ కోణం నుంచి పరీక్షించి చూడండి.

భావోద్వేగం పాలు కూడా కొంత ఉండవచ్చు. జోనా బెర్గర్, క్యాథరీన్ మిల్క్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన దాదాపు 7,000 వ్యాసాలను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, అబ్బురం, కోపం, ఆందోళన కలిగించిన వ్యాసాలను పాఠకులు ఇతరులకు ఎక్కువగా పంపారనీ, విషాదం కలిగించినవాటిని తక్కువగా పంపారనీ తేల్చారు. మనసును కుదిపి లేపే భావం పంచుకోవడానికి పురికొల్పుతుందని వారి వివరణ. మీ పోస్టు మిగిల్చే భావం ఊరట, అది కుదురుగా కూర్చోబెట్టే భావం. అయితే వారు చూసింది ఈమెయిల్‌లో పంపిన పత్రికా వ్యాసాలను; మీ సొంత కథకు దాన్ని అన్వయించడం నా ఊహ మాత్రమే కాబట్టి, ఈ కారణాన్ని పైవాటి తర్వాతే ఉంచుతాను.

ఇంతవరకు చదివి మీరు ఒప్పేసుకుంటే నాకు భయమే. అంకెలు తెలిశాక ఏ వాక్యానికైనా కారణం అల్లవచ్చు. అందుకని నా వివరణను ఇలా తిరగేసి చూడండి: ఇదే పోస్టుకు 60 వ్యాఖ్యలు వచ్చి ఉంటే, “చివరి వాక్యం సూటిగా ఉంది కాబట్టి జనం స్పందించారు” అని నేను ఇంతే ధీమాగా రాసి ఉండేవాడినా? రాసి ఉండేవాడినే అనిపిస్తే, ముగింపు గురించి నేను చెప్పింది వివరణ కాదు, అలంకారం. ఈ పరీక్షలో ముగింపు వాదం కొంత తడబడుతుందని ఒప్పుకోవాలి, ఎందుకంటే తీర్పుతో ముగిసినా కింద పెద్ద వాదన రేగిన పోస్టులు మీరూ నేనూ చూశాం. కానీ వాటిలో తీర్పు ఎవరో ఒకరిని నొప్పిస్తుంది. మీ “కూడా” ఎవరినీ నొప్పించదు. కొసలు లేని కథకు రెండో కథ రాదన్న వాదం మాత్రం ఈ పరీక్షకు బాగానే నిలుస్తుంది: 60 వ్యాఖ్యలు వచ్చి ఉంటే దాన్ని నేను అసలు ఎత్తలేకపోయేవాడిని.

మాటలకు అందని సంగతులు కూడా ఉన్నాయి. పోస్టు ఏ వేళ పెట్టారో, ఎంతమంది కంట పడిందో, పక్కన ఫొటో ఉందో లేదో వాక్యాలు చెప్పవు. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఒక్క స్నేహితురాలికి పంపి ఉంటే ఆ పంపకం షేర్ల లెక్కలోకి రాదు. దెప్పిపొడుపు భయం ఉన్న మాటలు సరిగ్గా ఆ దారినే వెళ్తాయని నా అనుమానం. అందుకే నా మాటల్లో “ఉండవచ్చు” అన్నది మర్యాద కోసం రాసింది కాదు.

మార్చి చూడాలనుకుంటే దయచేసి చివర “మీరేమంటారు?” అని తగిలించకండి. తీర్పు చెప్పేశాక అడిగే ప్రశ్నకు జవాబు అప్పటికే అయిపోయి ఉంటుంది. దానికి బదులు రెండో వాక్యం నుంచి తీసేసి ఇలా రాయండి: “నిన్న మొదటిసారి, అప్పు అడిగిన పాత స్నేహితుడికి కుదరదని చెప్పాను. సరేలే అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఫోన్ పెట్టేయకుండా ఊరకే ఉన్నాం.” ఇక్కడ మనిషి ఉన్నాడు, అడిగిన పని ఉంది, తేలని మౌనం ఉంది, ఇటువంటి ఫోన్ తమకూ వచ్చిన పాఠకులు తమ సంగతి చెప్పడానికి చోటుంది. షేర్లు కావాలంటే దారి వేరు: “కుదరదని చెప్పేటప్పుడు కారణాల జాబితా చదవనక్కరలేదు, కారణం చెబితే దానికి పరిష్కారం చూపిస్తారు, బేరం మొదలవుతుంది” అన్నటువంటి వాక్యం షేరు చేసేవారిని ఎవరినో దెప్పినట్లు చూపదు, చదివేవారికి పనికొచ్చే సంగతి తెచ్చినట్లు చూపుతుంది. ఈ రెండింటినీ ఒకే పోస్టులో కుక్కితే మొదటిదాని మౌనాన్ని రెండోదాని ఉపదేశం మింగేస్తుంది కాబట్టి, విడివిడిగా రాయండి.

నిజం చెప్పాలంటే మీ మూల రూపమే నాకు నచ్చింది, దానికి తగిన ప్రతిస్పందనే దానికి వచ్చింది. అయినా వాక్యాన్ని బట్టి అంచనా కట్టడం నేర్చుకోవాలనుకుంటే, మీ పాత పోస్టులను పదింటిని అంకెలు కనిపించకుండా మరొకరి చేత కాగితం మీద రాయించుకోండి. ఒక్కొక్కదాని కింద, మీ పోస్టులకు మామూలుగా వచ్చే పాళ్లతో పోలిస్తే వ్యాఖ్యలు ఎక్కువ వచ్చి ఉంటాయో తక్కువ వచ్చి ఉంటాయో, ఏ మాటను చూసి అలా అనుకుంటున్నారో రాయండి. ఆ తర్వాతే అంకెలు చూడండి. మీ అంచనా తప్పిన పోస్టులను, ఏ మాట మిమ్మల్ని తప్పుదారి పట్టించిందో గుర్తు పెట్టి, నాకు పంపండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి