ఆర్డర్ లేటైనప్పుడు సారీ మెయిల్: తేదీ ఎలా ఇవ్వాలి?

"సారీ చెప్పి, త్వరలో పంపిస్తామని మెయిల్ పెట్టాను. అయినా కస్టమర్ రోజూ అడుగుతున్నారు, క్యాన్సిల్ చేస్తానంటున్నారు. ఏం తప్పు రాశాను?"

చిక్కంతా ఆ 'త్వరలో' దగ్గరే. తేదీ లేదు కాబట్టే రోజూ అడుగుతున్నారు.

1. మెయిల్ రాసేముందు తేదీ లెక్కగట్టండి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. సరుకు బయల్దేరే తేదీ రాసేస్తారు, కస్టమర్‌ దాన్ని చేతికందే తేదీ అనుకుంటారు. ఉదాహరణకు స్టాక్ 12న గురువారం గోడౌన్‌కి వస్తుంది. ప్యాకింగ్ 13న. కొరియర్‌కి 3 పనిదినాలు, మధ్యలో ఆదివారం పోను 17. ఒక రోజు కలిపి 18 అని రాయండి. గోడౌన్ వాళ్లు 12 ఖాయమన్నాకే పంపండి. రెండోసారి తేదీ తప్పితే ఏ సారీ పనిచేయదు.

2. పరిహారం ముందే చేసేసి, అయిపోయినట్టు రాయండి. 'కావాలంటే అడగండి' అంటే ఇంకో మెయిల్ పెట్టించినట్టే. తర్వాతి ఆర్డర్‌కి కూపన్ ఇవ్వకండి, ఈ ఆర్డరే అందలేదు కదా!

3. కారణం ఒక్క వాక్యం చాలు.

ఇలా రాయండి:

"మీ ఆర్డర్ 10న అందాల్సింది, అందలేదు. క్షమించండి. మా సరఫరాదారు నుంచి స్టాక్ ఆలస్యమైంది. 18, బుధవారం సాయంత్రంలోగా మీకు అందుతుంది. డెలివరీ చార్జీ ఈరోజే వాపసు చేశాం. అప్పటిదాకా ఆగలేకపోతే 'క్యాన్సిల్' అని జవాబివ్వండి, మొత్తం డబ్బు తిరిగి పంపుతాం."

సబ్జెక్ట్ లైన్‌లో కూడా కొత్త తేదీ పెట్టండి.