కార్డు లేకుండా ఏటీఎంలో నగదు: కోడ్ కనిపించేది ఫోన్‌లో, క్యూఆర్ కనిపించేది మిషన్‌లో

ప్రశ్న: మాది కనిగిరి. మా అబ్బాయి ఒంగోలు హాస్టల్లో ఉంటాడు, కార్డు ఇంట్లోనే మర్చిపోయి వెళ్ళాడు. కార్డు లేకుండా ఫోన్‌తో ఏటీఎంలో డబ్బు తీయొచ్చంటున్నారు. ఫోన్‌లో వచ్చే కోడ్ గానీ క్యూఆర్ గానీ మిషన్‌కి చూపిస్తే చాలా? ఖాతాలో తగ్గి డబ్బు రాకపోతే ఏం చేయాలి?

జవాబు:

ఫోన్‌లో కనిపించేది కోడ్ ఒక్కటేనండి. క్యూఆర్ మిషన్ తెర మీద వస్తుంది, దాన్ని మన ఫోన్ చదవాలి. చూడటానికి చిన్న తేడాలాగే ఉన్నా, డబ్బు ఎక్కడ చిక్కుకుంటుందో తెలియాలంటే ముందు దీన్ని పట్టుకోవాలి. నాకు ఇది కావలిలో 8,000 రూపాయలు ఆగిపోయిన రోజున అర్థమైంది.

కోడ్ పద్ధతి మన బ్యాంకు సొంత యాప్‌లో మొదలవుతుంది. ఎంత కావాలో నొక్కి, ఆ ఒక్కసారికి పనికొచ్చే పిన్ ఒకటి మనమే పెట్టుకుంటే, ఒక సంఖ్య మెసేజ్‌గా వస్తుంది. ఆ బ్యాంకు ఏటీఎంకి వెళ్ళి కార్డు లేకుండా తీసుకునే మీటను ఎంచుకొని, ఆ సంఖ్యను, మొత్తాన్ని, పిన్‌ను కొడితే నోట్లు వస్తాయి. అంకెల పొడవు, అడిగే వరుస, గడువు బ్యాంకును బట్టి మారతాయి. గడువు దాటిన కోడ్ ఇక పనిచేయదు, మళ్ళీ కొత్తది పుట్టించుకోవాలి. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఫోన్‌కు సిగ్నల్ కావలసింది కోడ్ తెచ్చుకునేటప్పుడే. మిషన్ ముందు నిలబడ్డాక మన ఫోన్‌కి పని ఉండదు, ఆ అంకెలు చేతి మీద రాసుకున్నా సరిపోతుంది.

క్యూఆర్ పద్ధతి యూపీఐ మీద నడుస్తుంది. రిజర్వు బ్యాంకు 2022 మే నెలలో, కార్డు లేకుండా నగదు తీసుకునే వీలును తమ ఏటీఎంలన్నింటిలో కల్పించవచ్చని బ్యాంకులకు, ఏటీఎం నెట్‌వర్క్‌లకు, బ్యాంకులు కాని సంస్థల మిషన్లకు కూడా సూచించింది. ఖాతాదారుడిని యూపీఐ ద్వారా గుర్తించాలని చెప్పింది కాబట్టి, ఏ బ్యాంకు ఖాతా ఉన్నవారైనా వేరే బ్యాంకు మిషన్ దగ్గర నగదు తీసుకునే దారి ఏర్పడింది. అంతకు ముందు ఉన్న కోడ్ సేవలు చాలావరకు సొంత బ్యాంకు మిషన్ల వరకే ఆగిపోయేవి. అయినా ప్రతి మిషన్‌లోనూ ఇది పెట్టలేదు. తెర మీద UPI అనే అక్షరాలున్న మీట కనిపిస్తేనే అక్కడ ఉన్నట్టు.

ఆ మీట నొక్కి మొత్తం ఎంచుకున్నాక తెర మీద వచ్చే క్యూఆర్ ఆ ఒక్క లావాదేవీ కోసం అప్పటికప్పుడు పుట్టింది. కిరాణా కొట్లో అతికించిన క్యూఆర్‌లో కొట్టు చిరునామా మాత్రమే ఉంటుంది, మొత్తాన్ని మనం కొడతాం. ఇందులో మొత్తమూ, లావాదేవీ సంఖ్యా కూడా ఇమిడి ఉంటాయి, కొద్ది సేపటికే అది చెల్లకుండా పోతుంది. మనం స్కాన్ చేసి, ఖాతా ఎంచుకొని, యూపీఐ పిన్ కొట్టగానే ఆ అభ్యర్థన ఫోన్ నుంచి యూపీఐ ద్వారా మన బ్యాంకుకు చేరుతుంది. మన బ్యాంకు ముందు ఖాతాలో తగ్గిస్తుంది, తగ్గించానన్న మాట మిషన్ తాలూకు బ్యాంకుకు వెళ్తుంది, ఆ మాట అందాకే మిషన్ నోట్లు లెక్కపెడుతుంది.

కార్డుతో తీసినా తగ్గింపు ముందే, నోట్లు తరువాతే. కానీ అక్కడ మన బ్యాంకును అడిగేదీ, జవాబు కోసం కాచుకునేదీ మిషనే, అంతా దాని సొంత లైను మీద జరుగుతుంది. క్యూఆర్‌లో రెండు లైన్లు ఉంటాయి. అడిగేది మన ఫోన్ తన సిగ్నల్ మీద, జవాబు వినేది మిషన్ తన లైను మీద. మన ఫోన్ ఆలస్యం చేస్తే మిషన్‌కు ఆ సంగతి తెలియదు, దాని గడువు ముగియగానే అది మొదటి తెరకు వెళ్ళిపోతుంది.

నాకు జరిగింది అదే. తుమ్మలపెంట వైపు మా రొయ్యల గుంటలో తెల్లవారుజామున పట్టుబడి పెట్టుకున్నాం. వల లాగిన పదిమందికి మనిషికి 800 చొప్పున నగదే ఇవ్వాలి. కార్డు ఇంట్లో ఉండిపోయింది. కావలి వచ్చి, మా బ్యాంకుది కాని ఒక ఏటీఎంలో 8,000 ఎంచుకొని స్కాన్ చేశాను. అద్దాల తలుపు వేసి ఉన్న ఆ చిన్న గదిలో ఫోన్‌కు ఒక్క గీత సిగ్నల్ మాత్రమే ఉందన్న సంగతి పిన్ కొట్టాక చూశాను. ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది, ఈలోగా మిషన్ సమయం మించిపోయిందని చూపించి మొదటి తెరకు వెళ్ళింది. తలుపు తీసుకొని బయట మెట్ల మీదకు వచ్చిన తరువాత 8,000 తగ్గినట్టు మెసేజ్ వచ్చింది.

ఆ క్షణంలో లోపలికి వెళ్ళి మళ్ళీ స్కాన్ చేయాలనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. అదే గదిలో అదే సిగ్నల్‌తో రెండోసారి కూడా అలాగే ఆగిపోతే ఇరుక్కునేది రెండింతలు అవుతుంది. నేను ముందు మిషన్ మొదటి తెరలోనే ఉందని, నోట్ల మూతి దగ్గర ఏ చప్పుడూ లేదని నిర్ధారించుకున్నాను. ఎందుకంటే నోట్లు ఆలస్యంగా వస్తున్నప్పుడు మనం బయటికి నడిస్తే వెనక ఉన్నవారి చేతికి పోతాయి. ఆ తరువాత యాప్‌లో పాత లావాదేవీలు తెరిచి, దానికి ఎదురుగా ఉన్న ఆ లావాదేవీని గుర్తించే 12 అంకెల యూటీఆర్ సంఖ్యను స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. మిషన్ మీద అతికించి ఉన్న ఏటీఎం సంఖ్యను ఫోటో తీసి, సమయం రాసుకున్నాను.

కూలీల డబ్బు మాత్రం ఆగదు కదా. సిగ్నల్ నిండుగా ఉన్న రోడ్డు మీద నిలబడి మా బ్యాంకు యాప్‌లో కోడ్ పుట్టించుకొని, మా బ్యాంకు ఏటీఎంకి వెళ్ళి ఆ అంకెలు కొట్టి 8,000 తీసుకున్నాను. ఆ గదిలో కూడా సిగ్నల్ అంతంతమాత్రమే, కానీ ఈసారి దానితో అవసరం రాలేదు. అప్పటినుంచి నేను పాటిస్తున్నది ఇదే: గది లోపల సిగ్నల్ చూసుకున్నాకే క్యూఆర్ మీట నొక్కుతాను, లేకపోతే బయటే కోడ్ తెచ్చుకుంటాను.

ఇక ఆగిపోయిన డబ్బు సంగతి. ఫిర్యాదు చేయాల్సింది మిషన్ పెట్టిన బ్యాంకుకు కాదు, మన ఖాతా ఉన్న బ్యాంకుకే. నేను యాప్‌లో ఆ లావాదేవీ దగ్గరే ఫిర్యాదు పెట్టి, తరువాతి పనిదినాన శాఖకు కూడా వెళ్ళాను. అక్కడ అడిగినవి మూడే: యూటీఆర్, ఏటీఎం సంఖ్య, సమయం. ఆ మూడూ ఉంటే మన మాట నిజమో కాదో తేల్చడం వారికి కష్టం కాదు. మిషన్ ప్రతి లావాదేవీకీ నోట్లు బయటికి నెట్టిందా లేదా అన్నది తన లాగ్‌లో రాసుకుంటుంది, పెట్టెల్లోని నోట్లను లెక్కపెట్టినప్పుడు నాకు రాని 8,000 అక్కడ అదనంగా తేలుతుంది. నాకు నాలుగో రోజున జమ అయింది.

జమ కాకపోతే రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో పెట్టిన నిబంధన ఉంది. ఖాతాలో తగ్గి ఏటీఎంలో నగదు రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు కాకుండా 5 రోజుల్లోపు బ్యాంకు తనంతట తానే తిరిగి జమ చేయాలి, ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. ఉదాహరణకు 10వ తేదీన తగ్గితే 15వ తేదీ వరకు గడువు. 18వ తేదీన జమ చేస్తే 3 రోజుల ఆలస్యానికి 300 కలిపి వేయాలి. సెలవులను తీసేసి లెక్కపెట్టడం కుదరదు, ఇవి మామూలు క్యాలెండరు రోజులు. పరిహారం కోసం ప్రత్యేకంగా అర్జీ పెట్టాల్సిన అవసరం లేదని కూడా ఆ నిబంధనలోనే ఉంది. ఫిర్యాదు చేసిన 30 రోజులకూ బ్యాంకు నుంచి సరైన జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు.

మోసాల గురించి ఒక్క విషయం చెప్పాలి, ఇది పైన చెప్పిన పద్ధతి నుంచే తెలుస్తుంది. అసలైన క్యూఆర్‌లో మొత్తం ముందే ఉంటుంది కాబట్టి స్కాన్ చేయగానే మనం మిషన్‌లో ఎంచుకున్న అంకె ఫోన్‌లో కనిపించాలి. ఎంత పంపాలో కొట్టమని యాప్ అడిగిందంటే అది మిషన్ పుట్టించిన క్యూఆర్ కాదు, ఎవరో అతికించిన స్టిక్కరు. వెంటనే వెనక్కి రావాలి. అలాగే, ఏ మిషన్ మీద ఆ క్యూఆర్ వచ్చిందో ఆ మిషనే నోట్లు ఇస్తుంది. ఎవరైనా క్యూఆర్ ఫోటో పంపి స్కాన్ చేయమంటే మీ ఖాతాలో తగ్గుతుంది గానీ నగదు మీ చేతికి రాదు.

క్యూఆర్‌తో ఒక్కసారికి తీయగలిగేది 10,000 వరకే. ఇది నెలవారీ ఉచిత ఏటీఎం లావాదేవీల లెక్కలోకే వస్తుంది. మన కనిగిరి, ఒంగోలు, కావలి లాంటి చోట్ల సొంత బ్యాంకు మిషన్లలో 5, వేరే బ్యాంకు మిషన్లలో 5 ఉచితం. ఆ పైన 2025 మే 1 నుంచి ఒక్కోదానికి గరిష్ఠంగా 23 రూపాయలు, పన్ను అదనం.

మీ అబ్బాయి విషయానికొస్తే, మీ ఖాతా కోడ్, పిన్ ఫోన్‌లో చదివి చెప్పడం నేను మంచిదనను. కొన్ని బ్యాంకుల్లో అవతలివారి ఫోన్ నంబరు నమోదు చేసి వారికే కోడ్ పంపే సేవ విడిగా ఉంది. మీ బ్యాంకు యాప్‌లో అది ఉంటే అందులోంచే పంపండి. అది లేకపోతే, అబ్బాయి ఫోన్‌లో అతని ఖాతాతో యూపీఐ ఉన్నట్లయితే మీరు కనిగిరి నుంచి ఆ ఖాతాకు డబ్బు వేయండి. అతను ఒంగోలులో UPI మీట ఉన్న మిషన్ చూసుకొని, గదిలో సిగ్నల్ సరిపోతుందో లేదో ముందు గమనించి, తన ఫోన్‌తోనే స్కాన్ చేసి తీసుకుంటాడు.