ఆకారం ఒకటైతే కంపెనీ ఒకటే అవుతుందా?

ప్రశ్న: మా అమ్మకు మడమ నొప్పి. తమ్ముడు జర్మనీ నుంచి తెచ్చిన రెండు పట్టీల బిర్కెన్‌స్టాక్ చెప్పులతోనే హాయిగా నడిచేది. వాటి సోల్ అరిగిపోతే, ఆ జత ఫొటో తీసి హన్మకొండలో ఒక షాపాయనకు వాట్సాప్‌లో పంపాను. ‘గదే కంపెనీ ఉంది, రండి’ అని పెట్టాడు. 2024 అక్టోబర్ 5న రూ.3,800 ఇచ్చి కొన్నాను. నెల తిరగకముందే సోల్ ఊడింది. చెప్పులు కుట్టే ఆయనతో అతికిస్తే మళ్లీ ఊడింది. లోపల 39 అంకె తప్ప పేరే లేదు. బిల్లులో ‘లేడీస్ చెప్పులు’ అనే ఉంది. షాపాయనేమో కంపెనీ మాటే ఎత్తలేదంటున్నాడు. బిల్లు మీద కంపెనీ పేరు నేనే రాసుకుని కేసు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: రాయొద్దు. బిల్లు మీద మీ చేత్తో ఒక్క అక్షరం చేర్చినా అది ఫోర్జరీ. దాన్ని వినియోగదారుల కమిషన్ ముందు పెడితే భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద మీరే ముద్దాయి అవుతారు. షాపాయన దగ్గర కార్బన్ కాపీ ఉంటే మొదటి వాయిదాలోనే దొరికిపోతారు.

మీ కేసును తేల్చేది మీరు పంపిన ఫొటో. అందులో ఏం కనిపిస్తోందో ముందు చూడండి. రెండు పట్టీలు, రెండు బకిల్స్, కార్కు అంచు ఉన్న చెప్పులను ఎందరో తయారు చేస్తున్నారు. బిర్కెన్‌స్టాక్ చెప్పులు కాపీరైట్ వర్తించే కళాకృతులు కావని జర్మనీ ఫెడరల్ కోర్టే 2025 ఫిబ్రవరిలో చెప్పింది. అది మన చట్టం కాకపోయినా, పోలిక ఉన్నంత మాత్రాన నకిలీ అనడం ఎంత కష్టమో తెలుస్తుంది. మీ ఫొటోలో పైనుంచి పట్టీలు మాత్రమే కనిపిస్తే ‘గదే మోడల్ అన్న’ అని తప్పించుకుంటాడు. మడమ దగ్గరి ముద్ర గానీ, బకిల్ మీద చెక్కిన పేరు గానీ చదవడానికి వీలుగా ఉంటే, దాని కింద ‘గదే కంపెనీ’ అన్న జవాబు అతని నోరు మూయిస్తుంది. ఫొటోను పెద్దది చేసి చూడండి. పాదం ఒరిపిడికి మడమ ముద్ర చెరిగిపోయినా బకిల్ మీది అక్షరాలు చాలాకాలం నిలుస్తాయి.

పాత జతను పారేయకండి, పోలికకు అదే ఆధారం. దాని మడమ ముద్రలో పేరుతో పాటు 39 సైజుకు 250 అనే మిల్లీమీటర్ల కొలత, పాదం గుర్తు ఉంటాయి. గుర్తు గీతగా ఉంటే మామూలు వెడల్పు, నిండుగా ఉంటే సన్న వెడల్పు. అసలు కార్కు జతలో అంచున గింజలు ఎగుడుదిగుడుగా, చిన్నాపెద్దా కలిసి ఉంటాయి. చవక జతల్లో స్పాంజి చుట్టూ కార్కు బొమ్మ అచ్చేసిన పొర అంటిస్తారు. గోటితో అంచు గీకితే లేచి వస్తుంది. మీ కొత్త జత మీద మాత్రం ఆ ప్రయోగం చేయకండి. రెండు జతలనూ పక్కపక్కన పెట్టి అడుగు, అంచు, లోపలి మడమ గుంట ఫొటోలు తీసి ఆపేయండి.

ఊడిన సోల్‌ను అతికించి పెద్ద పొరపాటు చేశారు. సోల్ లోపమని మనం అంటే, బయట రిపేరు వల్ల పాడైందని అతను అంటాడు. ల్యాబ్‌కు పంపినా ఆ జిగురు అడ్డొస్తుంది. ఇకనైనా దాన్ని తొడగకుండా, తుడవకుండా కవర్లో పెట్టండి. వాట్సాప్ సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఆ ఫోన్ అమ్మొద్దు.

గడువు రెండేళ్లు. కొన్న రోజు నుంచి లెక్కేసుకుంటే 2026 అక్టోబర్ 4 లోపే ఫిర్యాదు దాఖలు కావాలి. షాపాయనతో మాటలు నడుస్తున్నాయని గడువు ఆగదు. బిల్లు, మెసేజ్ జతచేసి 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. కదలకపోతే వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో గానీ, ఈ-జాగృతి పోర్టల్‌లో గానీ వేయండి. కొన్న విలువ 5 లక్షల వరకు ఫీజు లేదు. మొదటి ఆధారంగా కంపెనీ పేరు చెప్పి మోసగించాడని, రెండోదిగా సోల్ లోపమని రాయండి. డబ్బు వాపసు, ఖర్చులు అడగండి. మడమ నొప్పికి పరిహారం కావాలంటే ఆ చెప్పుల వల్లే పెరిగిందని డాక్టరు రాసిన కాగితం ఉండాలి. లేకపోతే ఆ పద్దు వదిలేయండి.

అమ్మగారికి ఇప్పుడే చెప్పులు కావాలి కాబట్టి, పాత జతకు ముద్ర, బకిల్, సోల్ ఫొటోలు తీశాక, కొత్త సోల్ షీటు వేయించండి. లోపలి పరుపు ఆమె పాదానికి అమరిపోయి ఉంటుంది, దాన్ని మార్చొద్దు. ఇంకో జత కొనాలంటే ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. సాయంత్రం వేళ కాగితం మీద నిలబెట్టి పాదం కొలిచి, ఆ మిల్లీమీటర్లతో అడగండి. మడమ గుంటలో కుదురుగా కూర్చోవాలి, వేళ్ల ముందు కొంచెం జాగా మిగలాలి. చేత్తో వంచితే వేళ్ల మొదలు దగ్గర వంగాలి. నడుమ మడతపడే జత మడమ నొప్పి ఉన్నవాళ్లకు పనికిరాదు. ఈసారి బిల్లులో కంపెనీ పేరు, ఆర్టికల్ నంబరు, సైజు రాయించుకున్నాకే డబ్బివ్వండి.