టారిఫ్ ఆర్డర్‌పై అప్పీలు ఎక్కడ?

"టారిఫ్ ఆర్డర్‌లో మా ఐస్ ఫ్యాక్టరీని ఎక్కువ రేటు కేటగిరీలో వేశారు. ఆర్డర్ వచ్చి నెలయింది. హైకోర్టుకు వెళ్లాలా?"

ముందు వెళ్లాల్సింది ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కండి. 2003 విద్యుత్ చట్టం 111వ సెక్షన్ ప్రకారం ఆర్డర్ కాపీ మీకు అందిన రోజు నుంచి 45 రోజులు గడువు. దాటితే సరైన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగాలి కాబట్టి, కాపీ అందిన తేదీకి రుజువు ఇప్పుడే దాచుకోండి.

ఒక్కటి మాత్రం చూసుకోండి. మీ అభ్యంతరం టారిఫ్ ఆర్డర్‌పైనా, దాని వెనకున్న రెగ్యులేషన్‌పైనా? 181వ సెక్షన్ కింద, టారిఫ్ ఆర్డర్ ఇచ్చే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ గెజిట్‌లో ప్రకటించే రెగ్యులేషన్లు చట్టంలాంటివి. అవి చెల్లవని తేల్చే అధికారం ట్రిబ్యునల్‌కు లేదని పీటీసీ ఇండియా కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. వాటిపై హైకోర్టులో రిట్ వేయాలి. చాలామంది ఇక్కడే పొరబడి, తప్పు చోట వేసి గడువు పోగొట్టుకుంటారు. మీరు చెప్పినదాన్ని బట్టి రెగ్యులేషన్‌తో పేచీ లేదు, కేటగిరీ ఎంపికతోనే.

అదే ఆర్డర్ సరిగ్గానే ఉండి, డిస్కం మీ సర్వీసుకు తప్పు కేటగిరీ వేసుంటే అప్పీలే అక్కర్లేదు. వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరంలో వేయండి, అక్కడ కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. అందుకే ఆర్డర్‌లో మీ కేటగిరీ నిర్వచనం ఈరోజే చదవండి.