అద్దెకు అదనంగా 236 రూపాయలు ఎందుకు పడింది?

"క్రెడిట్ కార్డుతో 20,000 అద్దె కట్టాను. యాప్ తన ఫీజు ముందే తీసుకుంది. ఇప్పుడు స్టేట్‌మెంట్‌లో ఇంకో 236 పడింది, పాయింట్లు ఒక్కటీ రాలేదు. బ్యాంకు పొరపాటా?"

పొరపాటు కాదండీ. ఆ 236 మీ కార్డు బ్యాంకు వేసిన అద్దె ఫీజు: 20,000 మీద 1 శాతం అంటే 200, దానిపై 18 శాతం జీఎస్టీ 36. యాప్ ఫీజుకూ దీనికీ సంబంధం లేదు.

ప్రతి చెల్లింపుకూ వ్యాపార రకాన్ని చెప్పే నాలుగంకెల ఎంసీసీ కోడ్ వెళ్తుంది. అద్దెకు సాధారణంగా 6513, వాలెట్‌లో డబ్బు వేస్తే 6540. బ్యాంకు ఆ కోడ్ చూసే ఫీజు వేస్తుంది, పాయింట్లు ఆపేస్తుంది. అందుకే వాలెట్ నింపి దాంతో సరుకులు కొన్నా, బ్యాంకుకు కనిపించేది వాలెట్ లోడే. దుకాణంలో నేరుగా కార్డు గీకితే పాయింట్లు వస్తాయి.

చాలా కార్డుల్లో వార్షిక ఫీజు మాఫీ లెక్కలోకి కూడా అద్దె రాదు, అది నాకు మరీ బాధగా ఉంటుంది. ఇక కార్డుతో కడితే మిగిలే లాభం, బిల్లు కట్టేదాకా దొరికే గడువు ఒక్కటే. ఆ 20,000 మీ సేవింగ్స్ ఖాతాలో 45 రోజులు 3 శాతం వడ్డీకి ఉన్నా వచ్చేది దాదాపు 74 రూపాయలు. దానికోసం 236 పోగొట్టుకోకండి, వచ్చే నెల యూపీఐలో ఖాతా నుంచే పంపండి.

తప్పక కార్డే వాడాల్సి వస్తే, ముందు మీ కార్డు ఛార్జీల పట్టికలో 'Rent' , 'Wallet' అన్న వరుసలు చూడండి. కొన్ని కార్డులకు వాలెట్ ఫీజు ఒక పరిమితి దాటాకే మొదలవుతుంది.